షాపు లెక్క వేరు, మనిషి లెక్క వేరు

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ మూతపడితే కంపెనీ వేరు, దాన్ని నడిపిన మనిషి వేరు అని చట్టమే ఒక గీత గీస్తుంది. సొంతంగా గ్యారంటీ సంతకాలు పెట్టి ఉంటే తప్ప మామూలుగా కంపెనీ అప్పు డైరెక్టర్ ఇంటి గుమ్మం దాకా రాదు. కానీ మన ఊళ్లలో బజారు పొడుగునా కనిపించే బట్టల షాపులు, కర్రీ పాయింట్లు, మొబైల్ షాపులు, జిరాక్స్ సెంటర్లలో ఎక్కువ భాగం కంపెనీలు కావు, ప్రొప్రైటర్‌షిప్‌లు. అక్కడ ఆ గీత లేదు. షాపు అప్పు యజమాని అప్పే. షాపు మీద కేసు వేస్తే యజమాని మీద వేసినట్టే. 15 అక్షరాల జీఎస్టీ నంబర్‌లో మొదటి రెండు రాష్ట్రం కోడ్ కాగా, ఆ తర్వాతి పది అక్షరాలు యజమాని పాన్ నంబరే.

అందుకే ఇలాంటి షాపు మూసేసిన మనిషి "షాపు పోయింది" అనుకోలేక "నేను పోయాను" అనుకోవడం మనసు బలహీనత ఏమీ కాదు. ఆయన చుట్టూ ఉన్న ప్రతి కాగితమూ అదే చెప్తోంది. విడదీయాలంటే ఆ పని తనే, ఒక్కో ముడీ విప్పుకుంటూ చేసుకోవాలి. కొన్ని ముళ్లు విడిపోతాయి. అప్పు ముడి మాత్రం తీర్చేదాకా విడిపోదు. ఏది విడిపోతుంది, ఏది విడిపోదు అన్నది తేల్చుకోవడమే ఇక్కడ అసలు పని.

ముడి ఎలా పడిందో ముందు చూడాలి. షాపుకి కూతురి పేరో, ఇంటి దేవుడి పేరో పెడతారు. ఏడాది తిరిగేసరికి ఊళ్లో ఆయన ఇంటిపేరు పోయి షాపు పేరే ఇంటిపేరు అవుతుంది. తెలంగాణలో కుర్రాళ్లు "సేటూ" అంటారు, కోస్తాలో "షావుకారు గారూ" అంటారు. ఫోన్ నంబర్ బోర్డు మీద ఉంటుంది, బిల్లు మీద ఉంటుంది, ఎవరికి ఫోన్ చేసినా ట్రూకాలర్‌లో షాపు పేరే వెలుగుతుంది. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి పది దాకా, చాలాచోట్ల ఆదివారాలు కూడా, ఆయన ఉండేది కౌంటర్ వెనకే. స్నేహితులు పక్క షాపుల వాళ్లే. పెళ్లిళ్లకి వెళ్తే మొదటి ప్రశ్న "షాపు ఎలా నడుస్తోంది?" అని.

ఇవన్నీ పైకి కనిపించేవి. కనిపించకుండా అన్నిటికంటే గట్టిగా బిగుసుకునే ముడి గల్లాపెట్టె దగ్గర పడుతుంది. చిన్న షాపు యజమాని తనకి జీతం రాసుకోడు. పాలవాడికి, పిల్లల ఫీజుకి, గ్యాస్‌కి, పెళ్లి కట్నాలకి అన్నిటికీ గల్లాలోంచే తీస్తాడు. ఎంత తీశాడో ఎక్కడా రాయడు. షాపు బాగా నడిచినంతకాలం దీనితో ఇబ్బంది లేదు. మూతపడ్డాక మాత్రం ఒక ప్రశ్నకి జవాబు దొరకదు: డబ్బు ఎక్కడికి పోయింది? జవాబు తెలియనప్పుడు మనిషి తనకి తోచిన జవాబు పెట్టుకుంటాడు. "నాకు వ్యాపారం చేతకాదు, ఇంటిని ముంచాను" అన్నది అలా పుట్టే మాటే. ఆ మాట నిజమో కాదో తేల్చాల్సింది ఓదార్పు కాదు, లెక్క.

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. ఊహించిన లెక్కే గానీ, ఖమ్మం, తెనాలి లాంటి ఊళ్లో మెయిన్ రోడ్డుకి ఒక సందు లోపల ఉండే రెడీమేడ్ షాపుకి సరిపోయే అంకెలు తీసుకుందాం. పెట్టుబడి సొంత డబ్బు 4 లక్షలు, ముద్ర లోన్ 5 లక్షలు, బావగారి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన చేబదులు 2 లక్షలు. షాపు నాలుగేళ్లు నడిచి మూతపడింది.

మొదటి రెండేళ్ల ఎనిమిది నెలలు నెలకి సగటున మూడున్నర లక్షల అమ్మకం. నూటికి పాతిక రూపాయలు మిగిలే సరుకు కాబట్టి 87,500 చేతికి వచ్చేది. అద్దె, ఇద్దరు పనివాళ్లు, కరెంటు, చిల్లర ఖర్చులు కలిపి 50 వేలు. మిగిలిన 37,500లో ముద్ర లోన్ వాయిదా, బావగారి వడ్డీ కలిపి 15 వేలు పోతే 22,500. ఇంటికి నెలకి 25 వేలు తీసేవాడు. రెండున్నర వేలు తక్కువ పడేది గానీ దసరా, సంక్రాంతి సీజన్లలో అది పూడిపోయేది.

తర్వాత అదే రోడ్డులో ఒక పెద్ద షోరూం వచ్చింది. కాలేజీ పిల్లలు ఫోన్లో ఆర్డర్ పెట్టుకోవడం పెరిగింది. అమ్మకం నెలకి 2,40,000కి పడింది. ఇప్పుడు చేతికి వచ్చేది 60 వేలు, షాపు ఖర్చు 50 వేలు, మిగిలేది 10 వేలు. లోన్లకి 15 వేలు, ఇంటికి 25 వేలు యథాతథంగా పోతున్నాయి. అంటే నెలనెలా 30 వేల లోటు. 16 నెలలు అలాగే నడిపాడు. మొత్తం లోటు 4,80,000. దాన్ని విజయవాడ వస్త్రలతలోనూ, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనూ సరుకు ఇచ్చేవాళ్ల దగ్గర 2,60,000 అరువు పెట్టి, భార్య పేరు మీదున్న చిట్టీని ముందే పాడుకుని మిగిలిన 2,20,000 తెచ్చి పూడ్చాడు.

మూసేసిన రోజున ఆయన మనసులో ఉండే లెక్క ఒక్కటే: "ఐదు లక్షల దాకా షాపు మింగేసింది." కానీ అంకెలు అలా చెప్పడం లేదు. ఆ 4,80,000లో షాపు తన లోన్ వాయిదాలకి చాలక తెచ్చిన లోటు నెలకి 5 వేల చొప్పున 80 వేలు. మిగతా 4 లక్షలు ఇంటికి వెళ్లాయి. బియ్యం, ఫీజులు, అద్దె, మందులు. షాపు లేకపోయినా అవి ఖర్చయ్యేవే. ఆ డబ్బు వృథా కాలేదు, దానితో ఇల్లు గడిచింది. ఈ ఒక్క విషయం కాగితం మీద కనిపించేసరికి చాలా ఇళ్లలో మొగుడూ పెళ్లాల మధ్య మాటల తీరు మారుతుంది.

ఇంకో మెట్టు లోపలికి వెళ్లాలి, ఎందుకంటే తప్పు అసలే లేదనుకోవడం కూడా నిజం కాదు. అమ్మకం పడిన మొదటి ఆరు నెలలు ఎవరైనా ఆగి చూస్తారు. మధ్యలో దసరా సీజన్ ఉంది. సీజన్ కూడా పోయాక విషయం తేలిపోయినట్టే. గుర్తులు కూడా కనిపిస్తాయి: 30 రోజులకి కట్టాల్సిన బిల్లు 75 రోజులకి పోవడం, అద్దె కోసం చిట్టీ పాడుకోవడం, అమ్ముడుపోయే సైజులు లేక అమ్ముడుపోని సైజులే అలమరాలో మిగలడం. ఆ తర్వాత కూడా పది నెలలు నడిపాడు. ఆ పది నెలల నిర్ణయం ఆయనది. దాని ఖరీదు ఎంత?

పది నెలల లోటు 3 లక్షలు కాబట్టి 3 లక్షలు అనిపిస్తుంది. అది సరి కాదు. అప్పటికే షాపు మూసేసి 18 వేల జీతానికి ఎక్కడైనా చేరి ఉన్నా లోన్లు కట్టాలి, ఇల్లు గడవాలి. తేడా వచ్చేది ఒక్కచోటే. షాపు నెలకి 10 వేలు ఇచ్చింది, ఉద్యోగం 18 వేలు ఇచ్చేది. తేడా 8 వేలు, పది నెలలకి 80 వేలు. దానితో పాటు సరుకు పాతబడింది. చివర్లో కొన్న ధర ప్రకారం మూడున్నర లక్షల స్టాకు క్లియరెన్స్‌లో 1,60,000కి పోయింది. పది నెలల ముందైతే ఇంకో 70 వేలు వచ్చేదనుకుందాం. రెండూ కలిపి లక్షన్నర. తప్పుడు నిర్ణయం ఖరీదు అదీ. లక్షన్నర చిన్న మొత్తమేమీ కాదు, బాధపడాల్సిందే. కానీ అది ఒక నిర్ణయానికి కట్టిన ధర. నాలుగేళ్ల పనికీ, మనిషి మొత్తానికీ కట్టిన ధర కాదు. రెండేళ్ల ఎనిమిది నెలల పాటు నెలకి 87 వేలు మిగిల్చిన చేతుల్ని "వ్యాపారం చేతకాని చేతులు" అనడానికి ఈ లెక్కలో ఆధారం లేదు.

ఖాతా పుస్తకం సరిగ్గా రాయనివాళ్లు కూడా ఈ లెక్క వేసుకోవచ్చు. జీఎస్టీ పోర్టల్‌లో నెలవారీ దాఖలు చేసిన రిటర్నులు ఉంటాయి. కొనుగోలు బిల్లులు, మొదటి స్టాకు, చివరి స్టాకు తెలిస్తే ఎంత సరుకు బయటికి పోయిందో వెనక్కి లెక్క కట్టవచ్చు. అద్దె, జీతాలు గుర్తుంటాయి, వాయిదాలు బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఉంటాయి. ఇవన్నీ తీసేస్తే మిగిలేదే ఇంటికి పోయిన డబ్బు. రెండు మూడు వారాల పని. ఒక్కరే కూర్చోకుండా ఇంట్లో లెక్కలు తెలిసిన ఇంకొకరితో కలిసి వేస్తే మంచిది. ఒంటరిగా వేసేవాళ్లు ప్రతి ఖర్చునీ తమ తప్పుగానే రాసుకుంటారు.

ఈ లెక్క వేయనివాళ్లు రెండు కథల్లో ఏదో ఒకదాంట్లో ఇరుక్కుంటారు. మొదటిది అంతా నా చేతగానితనమే అన్న కథ. రెండోది అంతా బయటివాళ్లే చేశారన్నది: ఆన్‌లైన్ వాళ్లు ముంచారు, పార్ట్‌నర్ ముంచాడు, దిష్టి తగిలింది. రెండో కథలో కొంచెం ఊరట ఉన్నట్టు కనిపిస్తుంది గానీ అది కూడా మనిషిని షాపుకే కట్టేస్తుంది. పదేళ్ల తర్వాత కూడా ఆయన ఆ పార్ట్‌నర్ గురించే మాట్లాడుతూ ఉంటాడు. ఎవరి వాటా ఎంతో తేలితే తప్ప ఈ రెండింట్లోంచీ బయటికి రావడం కష్టం.

ఈ బాధని దుఃఖంగానే చూడాలని పరిశోధకులు ఎప్పటినుంచో అంటున్నారు. డీన్ షెపర్డ్ 2003లో రాసిన ఒక పరిశోధన వ్యాసంలో, సొంత వ్యాపారం పోయిన మనిషి పడేది దగ్గరివాళ్లు పోయినప్పటి దుఃఖం లాంటిదేనని వాదించాడు. ఆ దుఃఖం తగ్గేదాకా మనిషి జరిగినదాన్నుంచి నేర్చుకోలేడన్నది ఆయన ముఖ్యమైన మాట. దానికి ఆయన చెప్పిన దారి రెండు పనుల మధ్య అటూ ఇటూ తిరగడం: కొంతసేపు పోయినదాని గురించి నేరుగా ఆలోచించడం, అది మనసుని నలిపేసే దాకా వస్తే దాన్ని పక్కన పెట్టి బతుకు మళ్లీ నిలబెట్టుకునే పనులు చూడటం. ఎప్పుడూ మొదటిదే చేస్తే ఆలోచన సుడిలా తిరుగుతుంది. ఎప్పుడూ రెండోదే చేస్తే బాధ లోపలే ఉండి ఇంకెప్పుడో బయటపడుతుంది. మన సందర్భంలో ఇది చాలా సులువుగా అమలవుతుంది. లెక్క వేయడం మొదటి పని. కాగితాలు మూసేయడం రెండోది. ఈ వారం ఒకటి, వచ్చే వారం ఇంకొకటి.

కాగితాల దగ్గర చాలామంది చేసే పొరపాటు ఏమీ చేయకపోవడం. షట్టర్ దించేసి, ఆ పోర్టల్ మళ్లీ తెరవాలంటేనే గుండె బరువెక్కి వదిలేస్తారు. కానీ జీఎస్టీ దృష్టిలో షాపు ఇంకా తెరిచే ఉంది. అమ్మకం సున్నా అయినా రిటర్ను వేయాలి, వేయకపోతే లేట్ ఫీజు నడుస్తూనే ఉంటుంది. పద్ధతి ఇది. ముందు స్టాకు అమ్మేయాలి. ఎందుకంటే రిజిస్ట్రేషన్ రద్దయ్యే నాటికి చేతిలో ఉన్న సరుకు మీద ఇంతకు ముందు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుకి పొందిన మినహాయింపు, తిరిగి కట్టాల్సి వస్తుంది. తర్వాత వ్యాపారం ఆపిన 30 రోజుల్లోపు GST REG-16 ఫారంలో రద్దుకి దరఖాస్తు పెట్టాలి. రద్దు ఆర్డరు వచ్చాక, రద్దయిన తేదీ, ఆర్డరు తేదీల్లో ఏది తర్వాతిదైతే దాన్నుంచి మూడు నెలల్లోపు GSTR-10 అనే ఆఖరి రిటర్ను వేయాలి. ఇది మర్చిపోయేవాళ్లు చాలామంది ఉంటారు, ఎందుకంటే రద్దు ఆర్డరు చూడగానే అయిపోయిందనుకుంటారు. కంపోజిషన్ స్కీంలో ఉన్నవాళ్లకి ఈ ఆఖరి రిటర్ను అవసరం లేదు.

మనమే అడిగి రద్దు చేయించుకోవడానికీ, రిటర్నులు వేయక అధికారులే రద్దు చేయడానికీ ముందుముందు పెద్ద తేడా ఉంది. రెండో రకం రద్దు పాన్ మీద మిగిలిపోతుంది. కొన్నేళ్ల తర్వాత ఇంకేదైనా మొదలుపెట్టి కొత్త రిజిస్ట్రేషన్‌కి వెళ్తే పాత బాకీలు, పాత రిటర్నుల ప్రశ్న అక్కడ ఎదురవుతుంది, దరఖాస్తు తిరస్కరించే వీలు కూడా ఉంటుంది. షాపు నుంచి విడిపోదామని పోర్టల్ వైపు చూడకుండా ఉన్నవాళ్లే షాపుకి ఎక్కువ కాలం అతుక్కుని ఉండేది. ప్రొఫెషన్ టాక్స్, ఉద్యమ్, మున్సిపల్ ట్రేడ్ లైసెన్స్, తిండి వ్యాపారమైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ కూడా అలాగే ఒక్కొక్కటీ మూయించాలి. కమర్షియల్ కరెంటు మీటర్ తనపేరు మీద ఉంటే దాన్ని వదిలేస్తే కొత్తగా అద్దెకి వచ్చినవాడి బిల్లు కూడా తనపేరు మీదే వస్తుంది. మీటర్ వెనక్కి ఇస్తే డిపాజిట్ వస్తుంది.

కరెంట్ అకౌంట్ మాత్రం తొందరపడి మూయకూడదు. సరుకు ఇచ్చినవాళ్ల దగ్గర, ఫైనాన్స్ వాళ్ల దగ్గర సెక్యూరిటీగా ఇచ్చిన ఖాళీ చెక్కులు ఉంటాయి. అకౌంట్ మూసేస్తే ఆ చెక్కులు పనికిరావనుకోవడం ప్రమాదకరమైన అపోహ. అకౌంట్ క్లోజ్ అయిందని చెక్కు తిరిగొచ్చినా చెక్ బౌన్స్ కేసుల 138 సెక్షన్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1999లోనే తేల్చింది. ఆ సెక్షన్ కింద చెక్కు తిరిగొచ్చిన కబురు అందిన 30 రోజుల్లోపు నోటీసు రావచ్చు, నోటీసు అందిన 15 రోజుల్లోపు డబ్బు కట్టకపోతే క్రిమినల్ కేసు పెట్టవచ్చు. అందుకని బాకీ తీర్చిన ప్రతిచోటా చెక్కు వెనక్కి తీసుకోవాలి, ప్రామిసరీ నోటు ఉంటే దాని వెనక చెల్లు రాయించుకుని నోటు కూడా తెచ్చుకోవాలి. అన్ని చెక్కులూ చేతికి వచ్చాకే అకౌంట్ మూయాలి.

ఇక అప్పులు. మన ఉదాహరణలో ముద్ర లోన్ సుమారు 1,25,000 మిగిలింది, బావగారికి 2 లక్షలు, సరుకు వాళ్లకి 2,60,000, చిట్టీ కట్టాల్సింది 2,20,000. మొత్తం 8,05,000. స్టాకు మీద వచ్చిన 1,60,000, షాపు అడ్వాన్సు వెనక్కి వచ్చిన లక్ష కలిపితే సరుకు వాళ్ల బాకీ తీరిపోతుంది. మిగిలేది 5,45,000. సరుకు వాళ్లకే ముందు కట్టాలా అంటే, చెక్కులు ఉన్నది వాళ్ల దగ్గరే కాబట్టి అవును. పైగా రేపు ఆయన బట్టల లైన్లోనే ఉద్యోగానికి వెళ్తే ఆయన గురించి విచారించేది కూడా వాళ్ల దగ్గరే.

మిగిలినదానికి 18 వేల జీతం చాలదు, ఆ మాట ముందే ఒప్పుకోవాలి. వాయిదా ఆగి 90 రోజులు దాటితే లోన్ మొండి బాకీ కింద పడుతుంది కాబట్టి, ఆ లోపే బ్యాంక్ మేనేజర్ని కలిసి షాపు మూసేశానని చెప్పి వాయిదా తగ్గించి గడువు పెంచమని అడగాలి. ముద్ర లోన్‌కి ప్రభుత్వ గ్యారంటీ ఉంది, కట్టకపోయినా పరవాలేదు అని బజారులో అంటూ ఉంటారు. ఆ గ్యారంటీ బ్యాంక్ నష్టాన్ని పూడ్చడానికి, తీసుకున్నవాడి బాకీ రద్దు చేయడానికి కాదు. బావగారిని ఇకపై వడ్డీ ఆపమని, అసలు మాత్రం బ్యాంకు అయ్యాక కడతానని అడగాలి. చాలామందికి ఇదే అన్నిటికంటే కష్టం, బ్యాంక్ మేనేజర్ కంటే కూడా. కానీ దగ్గరివాళ్లకి కోపం తెప్పించేది ఆలస్యం కంటే ముఖం చాటేయడమే. చుట్టాలకి డబ్బు చివర కట్టినా, కబురు మాత్రం ముందు చెప్పాలి.

అప్పు దగ్గర గీత ఎక్కడ పడుతుందో ఇప్పుడు చెప్పుకోవచ్చు. బాకీ మనిషిదే, అందులో సందేహం లేదు. అయితే బాకీకి ఒక అంకె ఉంటుంది, ఒక తేదీ ఉంటుంది, నెలనెలా తగ్గుతుంది. "పనికిమాలినవాణ్ని" అన్న తీర్పుకి అంకె లేదు, కాబట్టి అది ఎంత కట్టినా తీరదు. మొదటిదాన్ని పూర్తిగా ఒప్పుకున్న మనిషికి రెండోదాన్ని కాదనడం సులువవుతుంది.

అప్పు ఆస్తిని మించిపోయినవాళ్ల విషయం వేరు. మన దగ్గర "ఐపీ పెట్టాడు" అంటే ఊరొదిలి పారిపోయాడన్నంత చెడ్డ మాట. నిజానికి అది కోర్టులో వేసే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్, 1920 నాటి చట్టం కింద. 2016లో వచ్చిన కొత్త దివాలా చట్టంలో వ్యక్తుల భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల గ్యారంటీదారులకి మాత్రమే అమల్లోకి తెచ్చారు, మామూలు ప్రొప్రైటర్లకి పాత దారే మిగిలింది. ఆ దారిలో ఆస్తి కోర్టు చేతికి వెళ్తుంది, అప్పులవాళ్లకి పంపకం జరుగుతుంది, చివరికి డిశ్చార్జ్ ఆర్డరు వస్తుంది. దివాలా తీసినవాడు డిశ్చార్జ్ అయ్యేదాకా ఎమ్మెల్యేగానో ఎంపీగానో ఉండటానికి రాజ్యాంగం ఒప్పుకోదు, అయ్యాక ఆ అడ్డు ఉండదు. ఐదారు లక్షల బాకీకి ఈ దారి పట్టడం సరైన పని కాదు, ఏళ్ల తరబడి సాగుతుంది. అంతకు ఎన్నో రెట్లు ఉన్నవాళ్లు మంచి వకీలుని అడిగి చూడాలి. వందేళ్ల కిందటి చట్టం కూడా దివాలాకి ఒక ముగింపు తేదీ ఉండాలని ఒప్పుకుంది. బజారు ఇంకా ఒప్పుకోలేదు.

ఫోన్ నంబర్ గురించి ఒక మాట. బోర్డు మీదున్న నంబర్ మార్చేయాలని చాలామందికి అనిపిస్తుంది. వెంటనే మారిస్తే బాకీవాళ్లకి పారిపోయినట్టే కనిపిస్తుంది. పాత నంబర్ ఉంచుకుని, ఇంటివాళ్లకి, కొత్త పనికి వేరే నంబర్ పెట్టుకుంటే బాకీల ఫోన్లకి ఒక వేళ కేటాయించుకోవచ్చు. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. వాట్సాప్‌లో షాపు పేరు, ఫొటో తీసేయాలి, గూగుల్ మ్యాప్స్‌లో షాపు శాశ్వతంగా మూసినట్టు పెట్టాలి, ట్రూకాలర్‌లో సొంత పేరు పెట్టాలి. ఐదు నిమిషాల పనులే. కానీ పాత కస్టమర్లు పండగ ముందు ఫోన్ చేసి "కొత్త స్టాకు వచ్చిందా?" అని అడిగే ప్రతిసారీ గాయం రేగకుండా ఇవి కాపాడతాయి.

మనుషులతో మాట్లాడటం ఇంతకంటే కష్టం. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త హెలెన్ రోజ్ ఎబా ఒకప్పుడు సన్యాసినిగా ఉండి బయటికి వచ్చినావిడ. పాత పాత్ర వదిలేసిన 185 మందితో మాట్లాడి 1988లో ఆవిడ చెప్పినదేంటంటే, "మాజీ" కావడం కూడా ఒక పాత్రే, ఎందుకంటే చుట్టూ ఉన్నవాళ్లు మనల్ని పాత పాత్రని బట్టే పలకరిస్తారు. మూసేసిన షాపు యజమానికి ఇది ప్రతి పెళ్లిలోనూ అనుభవమే. అప్పటికప్పుడు జవాబు వెతుక్కుంటే ఒకరోజు అబద్ధం, ఒకరోజు పెద్ద కథ వస్తాయి. ముందే ఒక జవాబు అనుకుని ఉంచుకోవాలి: "మార్చిలో మూసేశాం బాబాయ్. బాకీలు కడుతున్నాం. ఇప్పుడు ఫలానా చోట చేస్తున్నా." మూడు మాటలూ నిజమే, ఎవరినీ తిట్టలేదు, జాలి అడగలేదు. భార్యాభర్తలిద్దరూ ఒకే జవాబు చెప్పాలి. షాపు భార్య పేరు మీద రిజిస్టరై ఉంటే ఇది ఇంకా ముఖ్యం. అప్పుడు చట్టప్రకారం బాకీ ఆవిడది, సిబిల్ స్కోరు పోయేది ఆవిడది, ఊళ్లో పేరు పోయేది ఆయనది. ఇద్దరిలో ఎవరు ఏం మోస్తున్నారో రెండోవాళ్లకి తెలియదు.

ఇంట్లోవాళ్లు గమనించాల్సిన గీత ఒకటుంది. మొదటి నెలల్లో నిద్ర పట్టకపోవడం, బజారు వైపు వెళ్లకపోవడం మామూలే. "నేను పోతే ఇన్సూరెన్స్ డబ్బుతో బాకీలు తీరతాయి" అన్న మాట వినిపించినా, అడగకుండానే పాలసీ కాగితాలు సర్ది ఎక్కడున్నాయో చెప్పినా, తను అందరికీ భారమని పదేపదే అన్నా, ఆ మాటని తేలిగ్గా తీసుకోకూడదు. నేరుగా అడగాలి, ఒంటరిగా వదలకూడదు, 14416కి ఫోన్ చేయాలి. అది ప్రభుత్వ టెలి మానస్ నంబర్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

తర్వాతి పని విషయంలో రెండు రకాల తొందర కనిపిస్తుంది. ఒకటి, పోయిన పేరు నిలబెట్టుకోవాలని ఆరు నెలల్లో ఇంకో షాపు. ఇది ఆదాయం కోసం పెట్టే షాపు కాదు, ఊరి ముందు గెలవడానికి పెట్టేది. అలాంటి షాపుకి లెక్క కుదరకపోయినా మూయాలనిపించదు. ఇంకోటి, నాలుగేళ్లు దాచేసి ఇంకెక్కడో మొదటినుంచి మొదలుపెట్టడం. ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఆ నాలుగేళ్లని ఖాళీగా చూపించడం అన్యాయం. ఏ సైజు ఏ సీజన్లో పోతుందో తెలుసు, సరుకు వాళ్లతో బేరం తెలుసు, ఇద్దరు పనివాళ్లని నడిపాడు, జీఎస్టీ రిటర్నులు చూసుకున్నాడు. పెద్ద షోరూములు ఫ్లోర్ మేనేజర్లలో వెతికేది ఇవే. అదే రోడ్డులో వచ్చిన ఆ షోరూంలో చేరాల్సి రావచ్చు కూడా. మొదటి వారాలు తల ఎత్తుకోవడం కష్టంగానే ఉంటుంది. పాత కస్టమర్ వచ్చి "సేటూ, మీరిక్కడా?" అంటే "అవునండీ, ఇక్కడే చేస్తున్నా, రండి చూపిస్తా" అనగలగడానికి కొంత కాలం పడుతుంది.

పాత బిల్లులు, రిజిస్టర్లు ఇంట్లో కనిపిస్తుంటే చించి పారేయాలనిపిస్తుంది. పారేయకూడదు. జీఎస్టీ రికార్డులు, ఆ సంవత్సరం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. ఒక పెట్టెలో సర్ది, పైన రద్దు ఆర్డరు, GSTR-10 రసీదు, బాకీలు తీరిన కాగితాలు, వెనక్కి వచ్చిన చెక్కులు పెట్టి, ఎప్పటిదాకా ఉంచాలో ఆ తేదీ మూత మీద రాసి అటక మీద పెడితే సరిపోతుంది.